తాతయ్య తోకలు

"తాతయ్యా, ఇవాళ కూడా తోకలేనా?"

పది రోజులుగా మా ఇంట్లో తెల్లవారేది ఈ ప్రశ్నతోనే. మా మనవడికి ఏడేళ్లు. మొలకెత్తిన పెసలకు వాడు పెట్టిన పేరు తోకలు. వాడు పైకి అంటాడు, మిగతావాళ్లు అనరు, అంతే తేడా. మా కోడలు "మామయ్యగారూ, నాకు కొంచెం చాలు" అంటూ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపిస్తుంది. ఆ సందులో ఒక్క పెసరగింజ కూడా ఇరుక్కునే పడుకోవాలి. మా అబ్బాయికి సరిగ్గా ఆ వేళకే ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. మా ఆవిడకు మొహమాటం లేదు. "ఏవండీ, నేను మీకేం అపకారం చేశాను?" అని అడిగేసింది.

తప్పంతా నాదే కాదు. సగం మా బావమరిదిది. గుడివాడ అవతల వాడికి నాలుగెకరాల మాగాణి ఉంది. అక్కడ సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ చేలోనే మినుములో పెసలో చల్లేస్తారు. దున్నకం లేదు, నీళ్లు పెట్టేది లేదు. నేలలో మిగిలిన పదునుకీ రాత్రి కురిసే మంచుకీ అదే పండుతుంది. (ఇంత తేలిగ్గా చెబుతున్నానని వాడికి చెప్పకండి. పల్లాకు తెగులు పట్టిన ఏడు వాడి మొహం నేను చూశాను.) మార్చిలో పాతిక కిలోల బస్తా మా గుమ్మంలో దిగింది. శ్రావణం వచ్చేసరికి మా ఆవిడ మూతి విప్పి చూసి, "పుచ్చు పడుతోంది. మనం తినకపోతే పురుగులు తింటాయి" అని తీర్పు చెప్పింది. అదే వారంలో డాక్టరుగారు నా షుగరు కాగితం చూసి మొలకలు తినమన్నారు. నన్ను తినమన్నారు. ఇంటిల్లిపాదినీ తినమన్నది నేను.

రిటైరైన మనిషికి వంటింట్లో ఒక శాఖ అప్పగిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. మొదటి రోజు గ్లాసుడు పెసలు నానబోశాను. పైకి తేలినవి పుచ్చులు, తీసి పారేశాను. రాత్రంతా నాని ఉబ్బాక, నీళ్లు వార్చి, పాత పంచె ముక్కలో మూటగట్టి, వంటింటి కిటికీకి వేలాడదీశాను. బెజవాడ శ్రావణపు ఉక్కలో పెసలకు పన్నెండు గంటలు చాలు. గింజ పొడవంత మొలక వచ్చింది. గ్లాసు కాస్తా మూడు గ్లాసులైంది. అప్పుడే ఆపాలి. అప్పటికి గింజలోని పిండి కొంత చక్కెరగా మారి కమ్మగా ఉంటుంది. ఇంకాస్త పొడుగు రానిద్దామని అత్యాశపడి మర్నాటి సాయంత్రం దాకా వదిలాను. మూట విప్పేసరికి గింజలకు జిగురు, దాని వెంట పులిసిన వాసన. ఆ వాసనొస్తే కడిగి వాడుకుందామని చూడకూడదు. గింజకు నచ్చిన తడీ వెచ్చదనమూ సూక్ష్మక్రిములకూ నచ్చుతాయి. అందుకే రోజూ రెండుసార్లు మూట తడిపి, నీరంతా ఓడ్చి, మళ్లీ గాలికి కట్టాలి. ముసలివాళ్లకూ పిల్లలకూ అయిదారు నిమిషాలు ఆవిరి పట్టి పెట్టడం ఇంకా మేలు.

ఈ ఆవిరి సంగతి నాకు మంగళవారం తెలిసింది. కాబట్టి సోమవారం అందరికీ పచ్చివే. ఉల్లిపాయ, నిమ్మరసం, కాస్త ఉప్పు. మనవడి స్కూలు డబ్బాలో కూడా అవే పెట్టాను. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చింది. చూశారా, పసివాడు తిన్నాడు, మీకేం రోగం అని పెద్దవాళ్లను దెప్పాను. నాకు మాత్రం ఒక గింజ దవడ కింద రాయిలా తగిలి, పంటికి పెట్టించిన తొడుగు ఊడొచ్చింది. ప్రతి పంటలోనూ కొన్ని ఎంత నానబెట్టినా నానని మొండి గింజలుంటాయి. పైతోలు నీటిని లోపలికి రానివ్వదు. నానిన పెసలను పళ్లెంలో పరిచి చూస్తే తెలిసిపోతాయి. పక్కవన్నీ ఉబ్బితే అవి చిన్నగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాయి. ఏరెయ్యాలి. నేను ఏరలేదు. తొడుగు ఖర్చులో బావమరిది మరో రెండు బస్తాలు పంపగలడు.

మంగళవారం తెలివి తెచ్చుకుని పెసరట్టు వేశాను. పెసరట్టుకు కాదనే బెజవాడ మనిషి ఇంకా పుట్టలేదు. కానీ ఉత్త మొలకలే రుబ్బితే అది పెసరట్టవదు, పెనంతో తగాదా అవుతుంది. చక్కెర పెరిగిన పిండి కాబట్టి లోపల ఉడకకముందే అడుగు మాడుతుంది, అట్లకాడకు లేవదు, నోట్లో పెట్టుకుంటే ఏదో తీపి. మొదటి మూడూ పొరటు కూరలా వచ్చాయి. మా ఆవిడ అంతసేపూ గుమ్మానికి ఆనుకుని చూసి, "సగం మొలకలు, సగం ఉత్తగా నానిన పెసలు. గుప్పెడు బియ్యం. మంట తగ్గించండి" అని మూడు ముక్కలు చెప్పి వెళ్లిపోయింది. ముప్ఫయ్యేళ్లు ఆఫీసులో నేను రాసిన నోట్‌లు ఏవీ అంత క్లుప్తంగా లేవు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కాస్త బరకగా రుబ్బి, పిండిని ఎదురుచూపులకు పెట్టకుండా వెంటనే వేస్తే అట్టు కరకరలాడుతూ లేచింది. మనవడు రెండు తిన్నాడు. తోకలు రుబ్బులో తెగిపోయాయి కదా, వాడికి తెలియలేదు.

బుధవారం అదే మొలకలతో గారెలు. అందరూ తిన్నారు, ఇంకా అడిగారు, నూనె సీసా సగానికి వచ్చింది. డాక్టరుగారికి చెప్పదలుచుకోలేదు. గురువారం చింతపండు, బెల్లం వేసి మొలకల పులుసు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనను.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఇక్కడ కాస్త ఆగాలి. మా అపార్ట్‌మెంట్లో పద్దెనిమిది ఫ్లాట్లు, పదహారింట్లో వ్రతం. వాయనమంటే తాంబూలం, అరటిపండు, రవికగుడ్డ, వీటన్నిటికీ అడుగున దోసెడు నానబెట్టిన శనగలు. సాయంత్రం నాలుగింటికి మొదలై ఎనిమిదింటికి మా వంటగట్టు మీద పదకొండు కవర్లు చేరాయి. అప్పటికే ఇంట్లో పెసల మీద తిరుగుబాటు నడుస్తోంది, ఇప్పుడు శనగల దండు వచ్చిపడింది. పదకొండు దోసెళ్ల శనగలను పారేస్తే అమ్మవారికి కోపం, తింటే కడుపుకు కోపం. లోకమంతా కనిపెట్టిన మధ్యేమార్గమే మా ఆవిడా పట్టింది. మూడో అంతస్తు వాళ్ల కవరు రెండో అంతస్తుకు, రెండోవాళ్లది అయిదుకు. లిఫ్టు ఆ సాయంత్రం మనుషుల్ని మోసింది తక్కువ, శనగల్ని మోసింది ఎక్కువ. వాచ్‌మన్ భార్యకు ఎనిమిది కవర్లు ముట్టాయి. ఆవిడ కూడా ముత్తయిదువే, ఆవిడా వాయనం ఇవ్వాలి, ఇచ్చింది. శనివారం సాయంత్రం, నిన్న పేరంటానికి రాలేకపోయామంటూ పక్క ఫ్లాటు అమ్మాయి ఒక కవరు తెచ్చి బొట్టు పెట్టి ఇచ్చింది. కవరుకు కట్టిన దారం చూడగానే మా ఆవిడ మొహం మారింది. ఆకుపచ్చ ఊలుదారం. మా మనవడి స్వెట్టరు విప్పితే మిగిలింది. ఊళ్లో ఇంకెవరి దగ్గరా ఉండదు. గురువారం రాత్రి మా ఇంట్లో నానబోసిన శనగలే, ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగాయో, పుట్టింటికి తిరిగొచ్చాయి. విప్పి చూస్తే ప్రతి గింజకూ తెల్లగా, ముద్దుగా, మొలక.

నేను చేసింది ఒక్కటీ అంత బాగా కుదరలేదు. తడి, చీకటి, సందుల్లోంచి కాస్త గాలి, మధ్యమధ్య చేతులు మారడం వల్ల కదలిక. శనగలకు పెసల కంటే ఎక్కువ టైము కావాలి, నానాక ఒక రోజైనా పడుతుంది. సరిగ్గా ఆ వేళకే ఊరేగింపు ముగిసింది. ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ తాళింపులో వేసి గుగ్గిళ్లు చేసుకున్నాం. తోకలున్నాయని మనవడు ముట్టుకోలేదు.

ఆ శనివారం మధ్యాహ్నమే ఇంకో ప్రయోగం జరిగింది. ఉలవచారు. అరకిలో ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున మూడు లీటర్ల నీళ్లలో మెత్తగా ఉడికించి, కట్టు వార్చుకోవాలి. ఆ కట్టులో చింతపండు, ఉల్లిపాయ, మిర్చి వేసి సన్నటి సెగ మీద చిక్కబడేదాకా మరిగించాలి. కుక్కరు మూతలు పెట్టి తొందరపడితే నీళ్లచారవుతుంది. ఉడికిన ఉలవలు పారేసేవి కావు, వాటికి తాళింపు పెడితే సాయంత్రానికి పనికొస్తాయి. రెండు గంటలు గరిటె పట్టుకు నిలబడితే చారు గరిటెకు పట్టింది. వేడన్నం, పైన వెన్న. మా అబ్బాయి ఫోను వచ్చినా ఎత్తలేదు.

నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మా ఊళ్లో ఉలవలు ఉడికేది ఎడ్లకు. గింజలు ఎడ్లకు, కట్టు మాకు. నేను బెజవాడలో కాలేజీలో చేరిన కొత్తల్లో అమ్మ వారం వారం ఉలవచారు టిఫిన్ క్యారియర్లో పోసి బస్సు మీద పంపేది. గదిలో కుర్రాళ్లు మూత తీసి వాసన చూసి, "ఏరా, ఎడ్ల కుడితి వచ్చిందా?" అని నవ్వారు. ఆ రోజు నుంచి నేను క్యారియర్ తీసుకుని నేరుగా బందరు కాలువ గట్టుకు వెళ్లేవాణ్ని. పోసేసి, కడిగి, తిరుగు బస్సుకు ఇచ్చేవాణ్ని. సెలవులకు ఇంటికెళితే "సరిపోతోందా నాయనా?" అని అడిగింది. సరిపోతోందన్నాను. నా మొహంలో ఏం చూసిందో, సరిపోవడం లేదేమో అనుకుంది. తర్వాతి వారం నుంచి రెండు గిన్నెలు పంపింది.

ఆదివారం పొద్దున మెట్ల దగ్గరున్న మల్లె కుండీకి నీళ్లు పోయబోతే మొదట్లో గడ్డి మొలిచిందనుకున్నాను. వంగి చూశాను. గడ్డి కాదు. సన్నటి ఎర్రటి కాడ, దాని మీద ఎదురెదురుగా రెండేసి ఆకులు. ఒకటీ రెండూ కాదు, కుండీ అంచు చుట్టూ గుంపులు గుంపులుగా. పుట్టిన దగ్గర్నుంచీ చూసిన మొక్క, పెసర.

ఆవిరి పట్టినవి మొలవవు. పెసరట్టు మొలవదు, గారె అసలే మొలవదు. అంటే ఇవి సోమవారంవి. స్కూలు ఆటో దిగి, మెట్లెక్కి, బెల్లు కొట్టే ముందు.

లోపలి నుంచి వాడు చెప్పులేసుకుంటూ వచ్చి, నేను వంగి ఉండటం చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. నేనేమీ అనలేదు. కుండీకి నీళ్లు పోశాను. ఇంకో వారానికి మూడేసి ఆకులు తొడుగుతాయి.

సోమవారం వాడి డబ్బాలో రెండు ఇడ్లీలు పెట్టాను.