F9 మహాత్మ్యం

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నేర్చుకునే కుర్రాళ్లకి మొదటి వారంలోనే మంత్రోపదేశం అయిపోతుంది. కీఫ్రేములన్నీ సెలెక్ట్ చెయ్యి, F9 కొట్టు, యానిమేషన్ స్మూత్ అయిపోతుంది. ఇక ఆపైన గురువు అక్కర్లేదు, గ్రాఫ్ ఎడిటర్ అక్కర్లేదు, కళ్లు కూడా అక్కర్లేదు. లోగో నగల కొట్టుదైనా, ఆసుపత్రిదైనా, రొయ్యల మేత కంపెనీదైనా మంత్రం ఒక్కటే.

డిస్నీలో తలపండిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ఒక పుస్తకం రాసి యానిమేషన్‌కి పన్నెండు సూత్రాలు చెప్పారు. కదలిక మొదట్లోనూ చివర్లోనూ బొమ్మలు దగ్గర దగ్గరగా, మధ్యలో ఎడంగా ఉండాలన్నది వాటిలో ఒకటి. ఆ ఎడం ఎంతో ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించేవారు. పాపం, వాళ్లకి F9 లేదు.

ఇంతకీ F9 చేసేదేమిటంటే, ఆ కీఫ్రేము దగ్గర వేగాన్ని సున్నా చేస్తుంది. దానికి అటూ ఇటూ వంపు ప్రభావం 33.33 శాతం అని రాసుకుంటుంది. అంతే. మీ లోగో ఏమిటో, ఎక్కడి నుంచి వస్తోందో దానికి తెలియదు. తెలుసుకోవాల్సినవాడు టీ తాగడానికి వెళ్లాడు.

ఒక గుండె జబ్బుల ఆసుపత్రి ప్రకటన ఊహించుకోండి. సెకనుకి 25 ఫ్రేములు. గుండె బొమ్మ ఎడమవైపు కింది మూల నుంచి లేచి, ఒంపు తిరిగి, తెర మధ్యలో కుదురుకోవాలి. మనవాడు 0, 10, 20 ఫ్రేముల దగ్గర మూడు కీఫ్రేములు పెట్టాడు. మూడింటినీ పట్టుకుని F9 కొట్టాడు. ఇప్పుడు పదో ఫ్రేము దగ్గర కూడా వేగం సున్నా. గుండె గాల్లో సగం దూరం వచ్చి ఆగుతుంది, మళ్లీ బయలుదేరుతుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ లేకపోయినా ప్రతి స్టాపులో ఆగే పల్లెవెలుగు బస్సు ఇది. డాక్టరుగారు చూసి, "ఎక్కడో పట్టేస్తోందయ్యా" అంటారు. మనవాడు తడుముకోడు. "మీ ల్యాప్‌టాప్ స్లో సార్, ఫైనల్ రెండర్‌లో ఉండదు" అంటాడు. ఫైనల్ రెండర్‌లో మోషన్ బ్లర్ కూడా ఆన్ చేస్తాడు. ఆగిపోయిన బొమ్మకి బ్లర్ ఉండదు కాబట్టి ఆ ఆగడం ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి దివ్యదృష్టి అక్కర్లేదు. బొమ్మ నడిచే దారి మీద సాఫ్ట్‌వేరే చుక్కలు పెట్టి చూపిస్తుంది, ఫ్రేముకి ఒక చుక్క. చుక్కలు ఎడంగా ఉన్నచోట పరుగు, గుంపుగా ఉన్నచోట నడక. దారి మధ్యలో చుక్కలు ముద్దగా కనిపిస్తే అక్కడ లోగో ఆగుతోందన్నమాట. ఆ మధ్య కీఫ్రేముని తీసేసి, చివర కీఫ్రేముల హ్యాండిల్స్ లాగి దారిని వంచితే సరిపోతుంది. లేదా దాని మీద రైట్ క్లిక్ చేసి 'రోవ్ అక్రాస్ టైమ్' పెడితే దాని సమయాన్ని అదే సర్దుకుంటుంది. అర నిమిషం పని. కానీ F9కి అర సెకను చాలు కదా!

సరే, రెండే కీఫ్రేములు ఉన్నాయనుకుందాం. అప్పుడైనా F9 ఇచ్చేది రెండు వైపులా ఒకేలా ఉండే వంపు. నెమ్మదిగా మొదలు, నెమ్మదిగా ముగింపు, సగం సమయానికి సగం దూరం. తెర బయటి నుంచి వచ్చే బొమ్మకి ఆ నెమ్మది మొదలు ఎందుకో నాకు అర్థం కాదు. అది ఎక్కడో బయలుదేరి వస్తోందని కదా మనం నమ్మాలి! తెర మీదికి వచ్చేసరికే పరుగులో ఉండాలి. పైగా ఆ మొదటి ఫ్రేములు బొమ్మ కనబడకముందే ఖర్చయిపోతాయి.

లెక్క వేసి చూద్దాం. 600 పిక్సెళ్ల దూరం, 15 ఫ్రేములు. ఒకే వేగంతో వెళితే ఫ్రేముకి 40 పిక్సెళ్లు. అదే 1 − (1 − t)³ అనే వంపుతో వెళితే మొదటి ఫ్రేములోనే 112 పిక్సెళ్లు దూకుతుంది. అయిదో ఫ్రేముకి 422 దాటుతుంది. పదో ఫ్రేముకి ఇంకా మిగిలింది 22 పిక్సెళ్లే. చివరి అయిదు ఫ్రేములూ ఆ 22 పిక్సెళ్ల మీద తాపీగా సర్దుకుంటుంది. చూసేవాడికి బరువైన వస్తువేదో వచ్చి కుదురుకున్నట్టు అనిపించేది ఆ తాపీ వల్లనే.

ఈ లెక్క తెలియక సౌండు దగ్గర ఇంకో ప్రహసనం నడుస్తుంది. లోగో ఆగినప్పుడు 'ధన్' అనాలని అందరికీ తెలుసు. మనవాడు ఆ 'ధన్'ని సరిగ్గా ఆఖరి కీఫ్రేము మీద, అంటే 15 మీద పెడతాడు. కానీ కంటికి లోగో పదో ఫ్రేముకే వచ్చేసింది. శబ్దం అయిదు ఫ్రేములు, అంటే 0.2 సెకను, వెనక నడుస్తుంది. బొమ్మ కంటే శబ్దం 0.125 సెకను వెనకబడితే చూసేవాళ్లు పసిగడతారని ప్రసారాలకి ప్రమాణాలు పెట్టే ఐటీయూ లెక్క. డాక్టరుగారికి ఐటీయూ తెలియకపోయినా చెవులున్నాయి. "పంచ్ లేదయ్యా" అన్నారు. మనవాడు వాల్యూమ్ పెంచాడు. ఇంకా లేదన్నారు. కింద ఉరుము కలిపాడు. శబ్దాన్ని అయిదు ఫ్రేములు ఎడమకి జరిపితే చాలన్నది ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే టైమ్‌లైన్‌లో అంతా ముచ్చటగా ఒకే గీత మీద ఉంది.

గెంతులేసే లోగోల గురించి ఒక్క మాట. రాబర్ట్ పెన్నర్ ఈజింగ్ సూత్రాల్లో 1.70158 అనే అంకె ఉంటుంది. అది పెడితే బొమ్మ గమ్యం దాటి పది శాతం ముందుకెళ్లి వెనక్కి వస్తుంది. ఐస్‌క్రీమ్ కంపెనీకి ముద్దుగానే ఉంటుంది. గుండె జబ్బుల ఆసుపత్రి గుండె తెర మీద మూడుసార్లు ఎగిరిపడి కొట్టుకుని ఆగిపోతే, అది ప్రకటనా, హెచ్చరికా?

ఇక ట్యాగ్‌లైన్. "ఆరోగ్యమే మా ఆశయం". ఇంగ్లీషు అక్షరాల కోసం చేసిన టెంప్లేట్‌లో అక్షరాలు ఎటుబడితే అటు నుంచి, తోచిన వరసలో ఎగిరొచ్చి వాలతాయి. తెలుగు అక్షరాలని షేపులుగా మార్చి అందులో వేస్తే ఒత్తు ఒక ముక్క, అక్షరం ఒక ముక్క అవుతాయి. మొదటి 'ఆ', గకారం కింది యవత్తు మిగతావాటికంటే ఆలస్యంగా బయలుదేరాయనుకోండి. అవి దిగేదాకా తెర మీద ఉన్నది "రోగమే మా ఆశయం". నిజం ఒప్పుకున్న ఆసుపత్రి ప్రకటన ఇదొక్కటే కావచ్చు. తెలుగులో అక్షరాలు కదిలించాలంటే ఒత్తుతో, గుణింతంతో కలిపి ఒక్కో అక్షరాన్ని ఒక ముక్కగా కట్టాలి. అంత ఓపిక లేకపోతే మాటని మాటగానే తేవాలి.

ఇంత చేశాక మొత్తం నిడివి ఎనిమిది సెకన్లు. "గ్రాండ్‌గా" ఉండాలన్నారు కదా! రెండు సెకన్లు బంగారు రజను రాలింది, ఇంకో రెండు సెకన్లు లెన్స్ ఫ్లేర్ అటూ ఇటూ నడిచింది, ఆరో సెకనులో పేరు వచ్చింది. యూట్యూబులో స్కిప్ బటన్ అయిదో సెకనుకే వస్తుంది.

మూడు సెకన్లు, అంటే 75 ఫ్రేములు, చాలు. గుండె 0 నుంచి 15 దాకా. అది పూర్తిగా ఆగకముందే, ఎనిమిదో ఫ్రేము దగ్గర, పేరు బయలుదేరి 22కి చేరాలి. ట్యాగ్‌లైన్ 18 నుంచి 30. ఆ తర్వాత 45 ఫ్రేములు ఏదీ కదలకూడదు, ఎందుకంటే జనం చదివేది అప్పుడే. అలా చేసి చూపిస్తే డాక్టరుగారు ఆ చివరి 45 ఫ్రేములూ కళ్లార్పకుండా చూసి, "ఇక్కడ ఏమీ జరగట్లేదేమిటయ్యా?" అన్నారు. తర్వాత బిల్లు చూసి, "మూడు సెకన్లకి ఎనిమిది సెకన్ల రేటా?" అన్నారు.