వేలు పెరిగింది, తప్పు పిల్లదే!

పిల్లలు పెరుగుతారు. ఈ సంగతి అమ్మకు తెలుసు. అంగన్‌వాడీ టీచరుకు తెలుసు. ఏటా ఒక సైజు పెద్ద చెప్పులు అమ్మే షాపువాడికీ తెలుసు. ఆధార్ నడిపే పెద్దలకూ తెలుసు. తెలిసే నిబంధన పెట్టారు: అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి వేలిముద్రలు, కనుపాపలు, ఫొటో కొత్తగా ఇవ్వాలి. బాగానే ఉంది. మరి పాప పుట్టిన తేదీ ఎవరి దగ్గర ఉంది? వాళ్ల దగ్గరే. అయిదేళ్లు ఏ రోజుకు నిండుతాయో చెప్పడానికి సూపర్ కంప్యూటర్ కావాలా? ఒకటో తరగతి కూడిక చాలు. అయినా ఆ తేదీ గుర్తుపెట్టుకోవలసింది ఎవరు? పొద్దున్నే కూలికి పోయే నాన్న. మరిచిపోతే మూల్యం చెల్లించేదెవరు? ఆ నాన్నే.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. ఈ అప్‌డేట్ ఉత్త తంతు కాదు. దీని వెనక అసలైన కారణం ఉంది. అయిదేళ్ల లోపు పిల్లలకు నీలం రంగు బాల ఆధార్ ఇస్తారు. అందులో పాప ఫొటో ఉంటుంది, వేలిముద్ర ఉండదు, కనుపాప ఉండదు. అమ్మో నాన్నో తమ ఆధార్‌తో పూచీ పడితే నంబరు వచ్చేస్తుంది. అంటే అదే పాపకు ఇంకో నంబరు ఉందో లేదో అప్పటికి యంత్రం సరిచూడలేదు. సరిచూసేందుకు దాని దగ్గర ఏమీ లేదు. అయిదేళ్లు నిండాక పది వేళ్లు, రెండు కళ్లు మొదటిసారి తీసుకుంటారు. దేశంలో ఉన్న మొత్తం నమోదులతో పోల్చి చూసేది అప్పుడే.

మరి పుట్టగానే ఎందుకు తీసుకోరు? వేలి గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి. వాటి అమరిక జీవితాంతం మారదు. కానీ పసివేలు చిన్నది. గీతల మధ్య సందు మరీ ఇరుకు. పెద్దల వేళ్ల కోసం చేసిన స్కానర్‌కు అవి అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అయిదేళ్లకు కాస్త తేటపడతాయి. అక్కడి నుంచి పదిహేనుకు వచ్చేసరికి వేలు సాగుతుంది, సందులు వెడల్పవుతాయి, ముఖమూ మారిపోతుంది. నూనూగు మీసాల కుర్రాణ్ణి బుగ్గల బుజ్జాయి ఫొటోతో పోల్చమంటే ఏ యంత్రమైనా తడబడుతుంది. అందుకే రెండోసారి. కారణం సబబే. మన కోపం కారణం మీద కాదు. కారణం తెలిసి కూడా భారమంతా జనం నెత్తిన రుద్దిన తీరు మీద!

ఒక లెక్క చూడండి. 2018 జూన్‌లో పుట్టిన పాప ఒకతె అనుకుందాం. 2019లో నీలం కార్డు వచ్చింది. 2023 జూన్‌లో అయిదు నిండాయి. అయిదుకూ ఏడుకూ మధ్య చేయిస్తే అప్‌డేట్ ఉచితం. అంటే 2025 జూన్ వరకు. ఈ గడువు ఇంట్లో ఎవరికి తెలుసు? కార్డు తీసుకున్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో మారిపోయింది. ఎస్సెమ్మెస్ పంపినా అది ఎవరి జేబులో మోగిందో దేవుడికెరుక.

2025 జూలైలో యూఐడీఏఐకి మెలకువ వచ్చింది. 7 కోట్ల మందికి పైగా పిల్లలు అయిదేళ్లు నిండినా అప్‌డేట్ చేయించలేదని ప్రకటించింది. ఏడేళ్లు దాటినా చేయించకపోతే నంబరు నిలిపివేయవచ్చని హెచ్చరించింది. పాప నాన్న హడలిపోయాడు. కూలి మానుకుని, పాపను బడి మాన్పించి, లైన్లో నిలబడి వంద రూపాయలు కట్టాడు. పక్కింటాయన మాత్రం ‘చూద్దాంలే’ అని దుప్పటి ముసుగేశాడు. అక్టోబరు 1 వచ్చింది. ఏడు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు ఏడాది పాటు రుసుము మాఫీ! పక్కింటాయన దర్జాగా వెళ్లి ఉచితంగా చేయించుకొచ్చాడు. మాట విన్నవాడికి వంద బొక్క. విననివాడికి బహుమానం. ఇంతకన్నా గొప్ప పౌరశాస్త్ర పాఠం ఏ బడిలో దొరుకుతుంది?

ఇంకో తమాషా. అదే అక్టోబరు 1న బయోమెట్రిక్ అప్‌డేట్ ధర వంద నుంచి నూట పాతికకు పెరిగింది. ఒక చేత్తో మాఫీ, ఇంకో చేత్తో వడ్డన. పిల్ల వేలు పెరగడం ప్రకృతి ధర్మమైతే, దానికి అసలు రేటెందుకు? మాఫీకి మళ్లీ గడువెందుకు?

సరే, సెంటర్‌కు వెళ్లారు. పని అయిపోయినట్టేనా? చేతిలో పెట్టిన రసీదు చూసి చాలామంది అయిపోయిందనుకుంటారు. కాలేదు. రసీదు అంటే అర్జీ అందిందని మాత్రమే. దాని మీద యూఆర్‌ఎన్ అనే నంబరు ఉంటుంది. దాంతో ఆధార్ వెబ్‌సైట్‌లో స్థితి చూసుకోవాలి. ముద్ర సరిగ్గా పడకపోయినా, అన్న వేళ్లు చెల్లి నంబరులో కలిసినా అర్జీ తిరస్కారానికి గురవుతుంది. ఇద్దరు పిల్లల్ని ఒకేసారి తీసుకెళ్లి, హడావిడిలో ఒకరి బదులు ఇంకొకరిని కూర్చోబెడితే జరిగే గొడవ ఇదే. ఫోన్ నంబరు పాతదైతే తిరస్కరించిన కబురు కూడా చేరదు. ఎప్పుడు తెలుస్తుంది? పథకం డబ్బు ఆగినప్పుడు. స్కాలర్‌షిప్ ఫారం వెనక్కి వచ్చినప్పుడు. అప్పుడు ఆపరేటర్ మొహం చూడకుండానే అంటాడు: ‘సర్వర్ డౌన్, రేపు రండి.’ ఆ రేపు ఎన్ని కూలిదినాలో ఆయనకేం పట్టింది? అందుకే పాత ఫోన్ నంబరు ఉంటే అది కూడా అదే రోజు మార్పించుకోండి. రసీదు పారేయకండి.

ఇక బళ్లు. 2025 ఆగస్టులో యూఐడీఏఐ అధిపతి రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకు ఉత్తరం రాశారు. అయిదేళ్లదీ పదిహేనేళ్లదీ కలిపి దాదాపు 17 కోట్ల నంబర్లకు అప్‌డేట్ బాకీ ఉందట. బళ్లలోనే శిబిరాలు పెట్టమన్నారు. ఎవరిది బాకీ ఉందో యూడైస్ ప్లస్‌లో కనిపించేలా చేశారు. మంచి పనే, కాదనం. పిల్లలు ఉన్నచోటికే యంత్రం రావాలి. కానీ ఇంత చిన్న ఆలోచన తట్టడానికి బాకీ 17 కోట్లకు చేరాలా? జాబితా చేతికొచ్చాక హెడ్‌మాస్టర్‌కు కొత్త కొలువు దొరికింది. ఎక్కాలు తర్వాత, ముందు వేళ్లు! శిబిరం రోజున కరెంటు ఉంటుందా, నెట్ ఉంటుందా అని మాత్రం అడక్కండి.

అసలు ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోవచ్చా? వీల్లేదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు. ఆధార్ చూపలేదని ఏ పిల్లకూ పథకం ప్రయోజనం నిరాకరించకూడదు. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఈ తీర్పు చదివి వినిపించి చూడండి. ‘అవన్నీ మాకు తెలీదండీ, పోర్టల్ తీసుకోవట్లేదు’ అంటారు. సుప్రీంకోర్టు పైన ఇంకో కోర్టు ఉందని అప్పుడు తెలుస్తుంది. దాని పేరు పోర్టల్!

ఆఖరుగా ఇంకొకటి. 2019లో ఆధార్ చట్టాన్ని సవరించారు. పెద్దలు నమోదు చేయించిన పిల్లలు పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోగా తమ ఆధార్‌ను రద్దు చేయమని కోరవచ్చు. ఇదీ హక్కే. అయిదుకు రమ్మంటారు. పదిహేనుకు రమ్మంటారు. రాకపోతే నిలిపేస్తామంటారు. మరి పద్దెనిమిదికి ‘నాయనా, కావాలంటే వద్దనొచ్చు’ అని మీ ఇంట్లో ఏ పిల్లకైనా, ఏ పిల్లాడికైనా ఒక్కరంటే ఒక్కరు చెప్పారా? ఆ శిబిరం ఏ బడిలో పెడుతున్నారో కాస్త కనుక్కుని చెప్పండి!