ఆలూ లేదు, చూలూ లేదు, డొమైన్ పేరు మాత్రం ఉంది

సొంత వెబ్‌సైటు పెట్టుకోవడానికి ఇప్పుడు చెలామణిలో ఉన్న పద్ధతిలో మొదటి ఘట్టం డొమైన్ పేరు కొనడం. మొదటి ఏడాది చవగ్గా వస్తుంది కాబట్టి కొన్నవారికి అది లాభంగానే తోస్తుంది. అసలు ధర రెండో ఏడాది మొదలవుతుంది గానీ, అప్పటికి దాన్ని పట్టించుకునే ఓపిక ఎవరికీ మిగలదు. రెండో ఘట్టం థీమ్ ఎంపిక, ఇది వారాల తరబడి నడుస్తుంది. నమూనా పేజీలో కిటికీ పక్కన ల్యాప్‌టాప్, కాఫీ కప్పు ఉన్న ఫోటో చూసి మనసు పారేసుకుంటారు. ఆ ఫోటో తీసేస్తే థీమ్‌లో ఇంకేమీ లేదన్నది కొన్న తరువాత తెలుస్తుంది. మూడో ఘట్టంలో మెనూలోకి హోమ్, అబౌట్, గ్యాలరీ, బ్లాగ్, కాంటాక్ట్ వచ్చి కూర్చుంటాయి. వాటిని ఎవరూ పిలవలేదు, థీమ్ వెంటబెట్టుకొచ్చింది. నాలుగో ఘట్టంలో తొలిసారిగా "ఇంతకీ ఇందులో ఏం పెడదాం?" అనే ప్రశ్న పుడుతుంది. అయిదో ఘట్టానికి చేరిన సైట్లు అరుదు.

నాలుగో ఘట్టంలో ఆగిపోయినవాటిని గుర్తుపట్టడం తేలిక. వర్డ్‌ప్రెస్ పెట్టగానే దానంతటదే పుట్టే Hello world! అనే టపా, Sample Page అనే పేజీ చెక్కుచెదరకుండా ఉంటాయి. గ్యాలరీలో థీమ్‌తోపాటు వచ్చిన కొండలూ సముద్రాలూ ఉంటాయి. బ్లాగులో ఉన్న ఒకే ఒక్క టపా సంక్రాంతి శుభాకాంక్షలు చెబుతుంది, ఏ సంక్రాంతికో మాత్రం చెప్పదు. అడుగున సందర్శకుల లెక్క పెరుగుతూనే ఉంటుంది, యజమాని రోజూ వెళ్లి చూసుకుంటున్నాడు కనుక.

ఈ పద్ధతిని సమర్థించేవారికి ఒక సిద్ధాంతం ఉంది: ముందు మొదలుపెడితే విషయం దానంతటదే వస్తుంది. రాదు. ఎందుకంటే పనిముట్టు తనకు అవసరమైన ప్రశ్నలే వేస్తుంది. సైటు పేరేమిటి, లోగో ఉందా, ఏ రంగు, ఏ అక్షరాలు, స్లైడర్ కావాలా అని అడుగుతుంది. ఒక్కోదానికి జవాబిచ్చుకుంటూ పోతే సాయంత్రానికి చాలా పని జరిగిన తృప్తి దక్కుతుంది. ఈ సైటుకు ఎవరు వస్తారు, ఏం వెతుక్కుంటూ వస్తారు అన్నది మాత్రం ఏ తెరమీదా కనిపించదు. ఆ జవాబు నింపడానికి గడి లేదు కాబట్టి ఆ ప్రశ్నే లేదనుకోవడం సహజం. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2010లో రాండల్ మన్రో తన ఎక్స్‌కేసీడీ కార్టూన్లలో ఒకదానిలో రెండు వృత్తాలు గీశాడు. విశ్వవిద్యాలయం తన తొలి పేజీలో పెట్టేవి ఒకదానిలో, జనం అక్కడ వెతికేవి రెండోదానిలో. రెండింటికీ ఉమ్మడిగా మిగిలింది ఆ విద్యాలయం పూర్తి పేరు ఒక్కటే.

వ్యక్తుల విషయంలో ఆ ఉమ్మడి భాగం ఇంకా చిన్నది. ముప్పై ఏళ్లుగా కథలు రాస్తున్న ఒక తెలుగు రచయిత ఉన్నాడనుకుందాం. నలభై రెండు కథలు, మూడు సంపుటాలు. మొదటి రెండూ ఇప్పుడు దొరకవు. సైటు ఎవరి కోసం అని అడిగితే "ప్రపంచం నలుమూలలా ఉన్న తెలుగువారి కోసం" అని జవాబు వస్తుంది. ఈ జవాబుతో ఒక పేజీ కూడా తయారు కాదు. నలుమూలల తెలుగువారికి ఉమ్మడిగా ఉన్న ప్రశ్న ఏదీ లేదు గనుక, వారిని తలచుకుని రాసిన తొలి పేజీలో సుస్వాగతం, సూర్యోదయం బొమ్మ, సాహిత్యం సమాజానికి అద్దమన్న సంగతి మాత్రమే పడతాయి.

కాగితం మీద నిజంగా వచ్చేవారిని రాస్తే నలుగురు తేలుతారు. తెలుగు కథ మీద పరిశోధన చేస్తున్న విద్యార్థికి ఫలానా కథ మొదట ఏ పత్రికలో, ఏ నెలలో వచ్చింది, తరువాత ఏ సంపుటిలో చేరింది అన్నది కావాలి. అనువాదకుడికో, సంకలనం వేస్తున్న సంపాదకుడికో కథ మీద హక్కు ఎవరిది, అనుమతి ఎవరిని అడగాలి అన్నది కావాలి. సభ పెడుతున్న కార్యకర్తకు రేపటి కరపత్రంలో వేయడానికి మసకబారని ఫోటో, నాలుగు వాక్యాల పరిచయం కావాలి. అదీ రాత్రి పది గంటలకు, ఫోన్‌లో. నాలుగోవాడు పాఠకుడు. ఎక్కడో ఒక కథ చదివి నచ్చి ఇంకొకటి చదవాలనుకుంటున్నాడు, పుస్తకం దొరికితే కొనాలనుకుంటున్నాడు.

ఈ నలుగురూ తొలి పేజీలో పట్టరు. ఎవరికి ముందు చోటివ్వాలో తేల్చడానికి పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: తనకు కావలసినది వీరిలో ఎవరికి ఇంకెక్కడా దొరకదు? సభ కార్యకర్త తెలిసినవారి ద్వారా ఫోన్ నంబరు సంపాదించి అడగగలడు. పాఠకుడికి పత్రికలున్నాయి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఉంది, దాని సైటులో ఎన్నో పాత కథల స్కాన్ ప్రతులూ ఉన్నాయి. కానీ నలభై రెండు కథల పూర్తి పట్టిక, తప్పొప్పులు రచయితే స్వయంగా చూసినది, ఇంకెవరి దగ్గరా ఉండదు. హక్కుల సంగతి అంతకన్నా ఉండదు. కాబట్టి ఈ సైటుకు ప్రాణం ఆ పట్టిక. స్లైడర్‌కు కేటాయించిన చోటు దానికి చెందుతుంది.

ఇక్కడ మరో అసౌకర్యమైన సంగతి బయటపడుతుంది. ఆ పట్టిక రచయిత దగ్గర కూడా లేదు. కొన్ని కథల పత్రిక ప్రతులు అటక మీద ఉంటాయి, కొన్ని చెదలపాలయ్యాయి. సంపుటి చివర వేసిన వివరాల్లో ఏడాది ఉంటే నెల ఉండదు. థీమ్ మార్చడం కన్నా ఇది కష్టమైన పని. అందుకేనేమో అందరూ థీమే మారుస్తుంటారు. తెలియని నెలను ఊహించి నింపకుండా ఖాళీగా వదలాలి. పరిశోధకుడు ఖాళీని చూసి వెతుకుతాడు, తప్పు తేదీని చూస్తే నమ్మి సిద్ధాంత వ్యాసంలోకి ఎత్తుకుంటాడు. అక్కడి నుంచి ఇంకొకరు ఎత్తుకుంటారు, ఆ తరువాత దాన్ని సరిదిద్దడం రచయిత తరం కూడా కాదు.

కథల్లో ఎన్ని పూర్తిగా పెట్టాలన్నదీ కాగితం మీదే తేలవలసిన లెక్క. "అన్నీ పెట్టేద్దాం, ఫైళ్లు డీటీపీ వాళ్ల దగ్గరున్నాయిగా" అనడం ఆచారం. ఆ ఫైళ్లు చాలావరకు అను ఫాంట్లలో కూర్చినవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిచోట అతికిస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గందరగోళం వస్తుంది. ఆ ఫైలునే పీడీఎఫ్ చేసి పెడితే కంటికి చక్కగా ఉంటుంది గానీ కథలోని ఒక్క వాక్యమైనా గూగుల్‌లో దొరకదు. ఒక పేరా కాపీ చేస్తే లోపలున్న గందరగోళమే బయటికొస్తుంది. ఏ పీడీఎఫ్ ఎలాంటిదో తెలుసుకోవడానికి పరీక్ష కూడా అదే: ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట అతికించి చూడాలి. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఉన్నాయి. మార్చాక అక్కడక్కడా ఒత్తులు తప్పిపోతాయి, సంయుక్తాక్షరాలు విడిపోతాయి కనుక ప్రతి పేజీనీ అచ్చుప్రతితో పోల్చి దిద్దాలి. ఒక పెద్ద కథకు ఒక సాయంత్రం పోతుంది. నలభై రెండు కథలు దిద్దేది ఎవరు అని అడిగినప్పుడు గదిలో ఉన్నవారంతా రచయిత మేనల్లుడి వైపు చూస్తారు. మేనల్లుడు తెలుగు చదవడం మానేసి చాలా ఏళ్లయింది. అందుచేత మూడు కథలు చాలు: మొదటి రోజులది ఒకటి, పేరు తెచ్చినది ఒకటి, ఈమధ్యది ఒకటి. దొరకని మొదటి సంపుటి నుంచి ఒకటి తప్పక ఉండాలి, కొనుక్కోగలిగిన పుస్తకంలోని కథకన్నా దాని అవసరం ఎక్కువ కనుక.

పెట్టవలసినవి తేలాక పెట్టకూడనివి వాటంతటవే తేలిపోతాయి, సైటు యజమానికి బాధ కలిగేది ఇక్కడే. శాలువా కప్పుతున్న ఫోటోలు రెండు వందలున్నాయి. నలుగురిలో ఎవరూ వాటి కోసం రారు. శాలువా కప్పినవారు మాత్రం తమ ఫోటో ఉందో లేదో చూసుకోవడానికి ఒకసారి వస్తారు. బ్లాగూ తాజా వార్తలూ ఏడాదికి రెండుసార్లయినా రాసే అలవాటు ఉంటేనే ఉండాలి, లేకపోతే చివరి తేదీ సైటుకు మరణ ధ్రువపత్రంలా వేలాడుతుంది. ఇంటి చిరునామా, పుట్టిన తేదీ పూర్తిగా ఇవ్వనక్కర లేదు. పరిశోధకుడికి పుట్టిన సంవత్సరం సరిపోతుంది, పుట్టిన తేదీ మోసగాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. అనుమతి కోసం రాయడానికి ఒక ఈమెయిల్ చాలు, అది ఎవరైనా తెరిచి చూసేదై ఉంటే. పదిహేను వాక్యాల ఆత్మకథను నాలుగు వాక్యాలకు కుదించడం కూడా ఇప్పుడే జరగాలి. ఆ పని సభ కార్యకర్తకు వదిలితే కత్తెర ఎక్కడ పడుతుందో కరపత్రం చూస్తే గాని తెలియదు.

ఇదంతా నాలుగు కాగితాల మీదికి వస్తుంది: పేరు, ఫోటో, పరిచయం, ఈమెయిల్, పట్టికకు లంకె ఉన్న తొలి పేజీ; కథల పట్టిక; మూడు కథలు; పుస్తకాలు, హక్కులు. వీటిని సాహిత్యంతో సంబంధం లేని మనిషి ముందు పెట్టి, రెండో సంపుటి ఏ ఏడాది వచ్చింది, ఫలానా కథను కన్నడంలోకి అనువదించాలంటే ఎవరిని అడగాలి అని రెండు ప్రశ్నలు వేయాలి. వేలు వెంటనే సరైన చోటికి వెళితే సరే. కాగితాలు అటూ ఇటూ తిప్పుతుంటే తప్పు ఆ మనిషిది కాదు, పేర్లు పెట్టినవారిది. "రచనా ప్రస్థానం" అన్న శీర్షిక కింద కథల పట్టిక ఉంటుందని ఎవరూ అనుకోరు. "కథల పట్టిక" అని పెడితే అనుకుంటారు.

ఇప్పుడు పనిముట్టు సంగతి. నాలుగు పేజీలు, ఏడాదికి ఒకటి రెండు మార్పులు. ఇందుకు డేటాబేసూ అక్కర్లేదు, నెలనెలా తాజా చేయవలసిన ఇరవై ప్లగిన్లూ అక్కర్లేదు. చేతితో రాసిన హెచ్‌టీఎంఎల్ అయినా, ఉచితంగా దొరికే ఏ సాధనమైనా సరిపోతుంది. వారాల తరబడి కుటుంబాన్ని రెండు పక్షాలుగా చీల్చిన థీమ్ ప్రశ్న మూడు షరతులకు దిగుతుంది. ఫోన్‌లో పట్టిక అడ్డంగా తెగిపోకూడదు. కథలోని వాక్యం ఎంచుకుంటే తెలుగుగానే కాపీ కావాలి. వరుసకూ వరుసకూ మధ్య ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైగా ఉండాలి. రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని చేసిన థీమ్‌లు దాన్ని కుదిస్తాయి, అప్పుడు పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీదికి దిగుతాయి. ఈ మూడూ నెరవేర్చే థీమ్ ఏ రంగులో ఉండాలో మేనల్లుడు తేల్చవచ్చు.