ముందు అట్ట మీద మందు, వెనుక అట్ట మీద షర్బత్తు

ముందు అట్ట మీద పెద్ద అక్షరాలతో చాటుకున్న పేరును వెనుక అట్ట మీద చీమ తలకాయంత అక్షరాలతో తానే కాదనుకునే హక్కును ఈ దేశంలో ఒక అట్టడబ్బా 2022 జూలై 14 నుండి 2025 అక్టోబరు 14 దాకా చట్టబద్ధంగానే అనుభవించింది. వాంతులు, విరేచనాలతో ఒంట్లోని నీరూ లవణమూ కోల్పోయిన మనిషికి నీటిలో కలిపి తాగించే లవణాల మిశ్రమాన్ని ఓఆర్ఎస్ అంటారు. దాని మోతాదులను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. ఆ మోతాదులతో పొత్తు లేని తీపి పానీయాలు కూడా తమ వ్యాపారనామానికి ముందో వెనకో ఆ మూడక్షరాలను తగిలించుకోవచ్చుననీ, అయితే ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్ఎస్ ఫార్ములా కాదు’ అని ఒక వాక్యం అచ్చువేస్తే చాలుననీ, ఆహార పదార్థాల మంచిచెడ్డలు చూడవలసిన ఎఫ్ఎస్ఎస్ఏఐ సెలవిచ్చింది. అదే సంస్థ 2022 ఏప్రిల్ 8న ఇటువంటి వాడకాన్ని తప్పుబట్టిందన్న సంగతి మరిచిపోవడానికి దానికి మూడు నెలలు పట్టింది. పెళ్ళిపీటల మీద కూర్చున్న పెద్దమనిషి మెడలో ‘వరుడు వేరే ఉన్నాడు’ అన్న బిళ్ళ వేలాడుతుంటే, ఆ బిళ్ళను చదవకపోవడం వధువు తప్పేనని తీర్పు చెప్పినట్లుంది ఈ ఏర్పాటు.

కొల్లిపర వంటి మండల కేంద్రంలో ఈ డబ్బా తన అసలు ప్రతిభను మందుల షాపులో చూపుతుంది. కిరాణా కొట్టులో మామిడి రసం పక్కన నిలబెడితే అది మామిడి రసానికి చెల్లెలుగానే కనిపిస్తుంది గానీ, జ్వరం బిళ్ళల పక్కన, విరేచనాల మాత్రల పక్కన నిలబెట్టినపుడు దానికి వైద్య విద్య దానంతట అదే అబ్బుతుంది. ఆశా కార్యకర్త ఉచితంగా ఇచ్చే పొట్లం లీటరు నీళ్ళలో కలుపుకోవలసిన తెల్లటి పొడి, రుచి ఉప్పుప్పగా ఉంటుంది, అట్ట మీద ఏ పండు బొమ్మా ఉండదు. డబ్బా అయితే నారింజ బొమ్మతో, గొట్టంతో, చల్లగా సిద్ధంగా ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నది ఉత్తినే వచ్చినదానికంటే మేలైనదే అయి ఉంటుందన్న నమ్మకం తోడయ్యాక, లంక పల్లెల నుండి ఏడుస్తున్న పిల్లవాణ్ణి చంకనెత్తుకుని వచ్చిన తల్లి ఏది పట్టుకుపోతుందో ఊహించడానికి వ్యాపార విద్య చదవనక్కరలేదు.

ఇక వెనుక అట్టను తిప్పి చూస్తే, మొదట కనిపించేది పదార్థాల వరుస. తయారీ వేళ ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు, తక్కువ ఉన్నదాన్ని తరువాత రాయాలన్నది నియమం. ఈ డబ్బాలో వరుస సాధారణంగా నీరు, చక్కెర, ఆ తరువాత పండ్లరస సాంద్రం (అంటే నీరు ఇగిర్చి చిక్కబరచిన రసం), ఆ తరువాత కొన్ని అంకెలు, చివర సువాసన అని సాగుతుంది. ముందు అట్ట మీద నిగనిగలాడిన నారింజకు ఇక్కడ మూడవ స్థానం దక్కితే అదృష్టమే. అట్ట మీద బొమ్మగానో మాటగానో దేన్నయితే ప్రత్యేకంగా చూపుతారో దాని శాతం కూడా వరుసలో రాయవలసి ఉంది కాబట్టి, నారింజ ఎంతో తెలుసుకోదలచినవారు బొమ్మ వంక కాక ఆ శాతం వంక చూడాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, పండు పదో వంతో అంతకన్నా తక్కువో ఉన్న పదార్థం కూడా పండుతో చేసినదని చెప్పుకోగలుగుతుందని హెచ్చరించింది. వరుసకు మరొక పరిమితి ఉంది: అది ఎవరు ముందో చెబుతుంది గాని, ఎంత ముందో చెప్పదు. పైగా చక్కెర, డెక్స్ట్రోజు, పండ్లరస సాంద్రం అని తీపిని మూడు ముక్కలు చేసి మూడు పేర్లతో రాస్తే ఒక్కొక్క ముక్కా వరుసలో కిందికి జారుతుంది. తినేవాడి పొట్టలో మాత్రం మూడూ కలిసే దిగుతాయి.

నిజానికి వరుస ఒక్కటే చూసేవారిని అసలు ఓఆర్ఎస్ కూడా కంగారు పెడుతుంది. లీటరు నీటిలో కలపవలసిన 20.5 గ్రాముల పొడిలో 13.5 గ్రాములు గ్లూకోజే, దాని తరువాత ట్రైసోడియం సిట్రేటు 2.9, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు. అక్కడా తీపిదే పెద్దపీట కాబట్టి రెండూ ఒకటేనని వాదించే వ్యాపార ప్రతినిధికి సమాధానం వరుసలో దొరకదు, దాని కింద ఉన్న పోషకాల పట్టికలో దొరుకుతుంది.

ఆ పట్టికలో 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర అని అచ్చయిన ఒక డబ్బాను లెక్కకు తీసుకోవచ్చు. డబ్బా పరిమాణం 200 మిల్లీలీటర్లు. గొట్టం గుచ్చిన తరువాత సగం తాగి సగం రేపటికి దాచుకునే పిల్లవాడు ఇంతవరకు పుట్టలేదు కాబట్టి, లోపలికి వెళ్ళేది 22 గ్రాములు. అంతే పరిమాణపు అసలు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 2.7 గ్రాములు, అంటే డబ్బాలో తీపి ఎనిమిది రెట్లు. పట్టికలో పక్క వరుసలో ‘ఒక సర్వింగ్‌కు’ అన్న లెక్క ఉంటుంది. సర్వింగ్ అంటే ఒకసారి తీసుకునే పరిమాణం, దాన్ని నిర్ణయించేది తాగేవాడు కాదు, తయారుచేసేవాడు. సర్వింగ్ 100 మిల్లీలీటర్లని రాస్తే, ఆ ఒక్క గీతతో చక్కెర సగమైపోతుంది. ఆ పక్కనే రోజువారీ అవసరంలో ఎంత శాతమో చెప్పే ఆర్‌డీఏ అంకె ఉంటుంది. రోజుకు 2000 కిలోకేలరీలు తినే మనిషికి, అదనంగా కలిపిన చక్కెర 50 గ్రాములు మించకూడదన్న లెక్క మీద అది నిలుస్తుంది. 22 గ్రాములు ఆ లెక్కన 44 శాతం, సర్వింగ్ గీతతో 22 శాతం. విరేచనాలతో నీరసించిన రెండేళ్ళ పిల్లవాడికి 2000 కిలోకేలరీల మనిషి ఎలా ప్రతినిధి అయ్యాడో పట్టిక చెప్పదు.

తీపి ఎక్కువైతే ఏమవుతుందన్నది రుచికి సంబంధించిన ప్రశ్న కాదు. చిన్నపేగు గోడలో గ్లూకోజునూ సోడియాన్నీ జంటగా లోపలికి లాగే ద్వారాలు ఉన్నాయి. ఆ జంట వెంట నీరూ లోపలికి వెళుతుంది, విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఆ ద్వారాలు పనిచేస్తూనే ఉంటాయి. అందుకే ఓఆర్ఎస్ లీటరులో గ్లూకోజు 75 మిల్లీమోల్‌లు, సోడియం 75 మిల్లీమోల్‌లు సరిసమానంగా ఉంటాయి (మిల్లీమోల్ అంటే అణువుల సంఖ్యను బట్టి వేసే కొలత). ద్రావణం మొత్తం గాఢత రక్తం కంటే కాస్త తక్కువ ఉండేలా 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి లీటరుకు 311 మిల్లీఆస్మోల్‌ల నుండి 245కు తగ్గించాయి. డబ్బాలో చక్కెర ఒక్కటే లీటరుకు సుమారు 320 దాకా చేరుతుంది. పేగులోకి చేరిన ద్రవం రక్తం కంటే చిక్కగా ఉంటే నీరు రక్తం నుండి పేగులోకే వెనక్కి నడుస్తుంది, విరేచనం ఇంకా పలచబడుతుంది. ఈ గాఢతను అట్ట మీద రాయమని ఏ నియమమూ అడగదు. అయినా పట్టికలోనే ఆధారం దొరుకుతుంది: అసలు ద్రావణంలో 100 మిల్లీలీటర్లకు సోడియం సుమారు 172 మిల్లీగ్రాములు, గ్లూకోజు 1.35 గ్రాములు. చక్కెర అంకె రెండంకెలకు చేరి, సోడియం అంకె ఇందులో సగానికి కూడా రాకపోతే అది షర్బత్తు.

ఈ కథలో అత్యంత వినోదకరమైన పాత్ర అంకెలది. ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంఘం ఇచ్చిన వరుస సంఖ్యలు. అట్ట మీద అంకె కనబడగానే రసాయనం, విషం అని ఉలిక్కిపడే చదువరి ఒకడు తయారయ్యాడు. అతడు డబ్బా తిప్పి, ‘331(iii)’, ‘508’ చూసి కళ్ళు మూసుకుంటాడు. ఆ 331(iii) ట్రైసోడియం సిట్రేటు, 508 పొటాషియం క్లోరైడు, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పొట్లంలో ఉన్న లవణాలే. 330 నిమ్మపులుపైన సిట్రిక్ ఆమ్లం, తెనాలి నిమ్మకాయల మార్కెట్టులో బస్తాలకొద్దీ దొరికేది అదే. కొల్లిపర చేలలో తవ్వి దుగ్గిరాల యార్డుకు పంపే పసుపులోని రంగు పదార్థం అట్ట మీదికెక్కితే 100(i) అవుతుంది. అంకెలన్నీ అమాయకమైనవేమీ కావు: నారింజ రంగునిచ్చే 110 కృత్రిమమైనది, ఆ రంగు కలిపిన పదార్థాల మీద పిల్లల చురుకుదనం, ఏకాగ్రత దెబ్బతినవచ్చునన్న హెచ్చరికను ఐరోపా సమాఖ్య 2010 జూలై నుండి తప్పనిసరి చేసింది. అయినా ఈ డబ్బా వరకు చూస్తే, ప్రాణం నిలిపే లవణాలు అంకెల ముసుగులో ఉన్నాయి, విరేచనం పెంచేది మాత్రం చక్కెర అని అందరికీ తెలిసిన అక్షరాలలో బాహాటంగా కూర్చుని ఉంది. చదువరి భయపడవలసినదాన్ని ప్రేమగా దాటేసి, భయపడనక్కరలేనివాటిని చూసి వణుకుతాడు.

హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ మూడక్షరాల మీద సుమారు ఎనిమిదేళ్ళు పోరాడారు. లేఖలు రాశారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చివరకు 2025 అక్టోబరు 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ తన పాత అనుమతులను ఉపసంహరించుకుంది, కాదనే వాక్యం వేసినా సరే ఆ అక్షరాలు పేరులో ఉండరాదని చెప్పింది. తయారీదారులు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు. వారి బాధ అర్థం చేసుకోదగినదే, ఎందుకంటే తీసేయమన్నది డబ్బాలోని చక్కెరను కాదు, డబ్బా మీది మూడక్షరాలను. చక్కెర అలాగే ఉండవచ్చు, నారింజ బొమ్మ అలాగే ఉండవచ్చు, ‘ఎలక్ట్రోలైట్’ అన్న మాట ఎటూ ఎవరి సొత్తూ కాదు.

కాబట్టి పేరు మారిన డబ్బాను గుర్తుపట్టడానికి వెనుక అట్ట అడుగున ఉన్న ఒక్క సంఖ్య సాయపడుతుంది. పధ్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నది ఆహారం, దానికి రోగం నయం చేయవలసిన పూచీ లేదు. అసలు పొట్లం మందుల చట్టం కింద తయారవుతుంది, దాని మీద ఔషధ తయారీ లైసెన్సు సంఖ్య, పేరు పక్కన భారతీయ ఔషధ సంహితను సూచించే ‘ఐ.పి.’ ఉంటాయి. కలుపుకోనవసరం లేకుండా ద్రవంగా దొరికే అసలు ఓఆర్ఎస్ డబ్బాలు కూడా ఉన్నాయి, వాటి మీదా ఔషధ తయారీ లైసెన్సు సంఖ్యే ఉంటుంది. షాపువాడు రెండింటినీ ఒకే అరలో పెట్టడాన్ని మాత్రం ఏ సంహితా ఆపలేదు, ఆర్‌ఎంపీ డాక్టరు చీటీ మీద ‘ఓఆర్ఎస్’ అని మాత్రమే రాసి పంపినంత కాలం ఆ అరలో ముందు వరుస ఎవరిదో షాపువాడికి వచ్చే మార్జినే నిర్ణయిస్తుంది.