కొసరు ఎటు పోయింది?

మా రోజుల్లో కొసరు కొనేవాడిది. కాటా ముల్లు మధ్యకొచ్చి నిలబడ్డాక కూడా చిటికెడు ఆవాలో, నాలుగు మిరపకాయలో పైన వేసి అప్పుడు పొట్లం కట్టేవాళ్ళం. మరిచిపోతే అడిగి మరీ వేయించుకునేవాళ్ళు. లెక్కలోనూ అంతే. మొత్తం మీద పది పైసలు మిగిలితే ఆ పది పైసలు గల్లాపెట్టెలోకి వచ్చేవి కావు. అలాంటి కొట్లో, నా కళ్ళ ముందు, పదకొండు నెలల పాటు కొసరు ఎదురు నడిచింది. ఆ సంగతి చెప్పకుండా ఉండలేను.

మాది నాన్న పెట్టిన కిరాణాకొట్టు. విడి సరుకే మా వ్యాపారం. పొద్దున్నే నెల సరుకుల చీటీలు వస్తాయి, సాయంత్రం కూలి డబ్బులు చేతికందిన వాళ్ళు వంద గ్రాములూ యాభై గ్రాముల లెక్కన కొనుక్కెళ్తారు. నిరుడు మా అబ్బాయి కంప్యూటరూ బిల్లు మెషీనూ పెట్టించాడు. నేను వద్దనలేదు. నోటిలెక్క రాని కుర్రాళ్ళని కొట్లో పెట్టుకున్నాక ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. గుమాస్తాగా చేరే పిల్లాడికి మొదటి నెలంతా పావుసేరు, అరసేరు లెక్కలు వప్పజెప్పించుకున్న రోజులు పోయాయి. ఇప్పుడు పన్నెండున్నర ఇంటూ మూడు అంటే ఫోన్ తీస్తారు.

ఆ రోజు మా అబ్బాయి పెళ్ళికని ఊరెళ్ళాడు, నేను గల్లాలో కూర్చున్నాను. సాయంత్రం మేస్త్రీ పనికి వెళ్ళే అమ్మాయి వచ్చింది. కందిపప్పు వంద, ఎండుమిరప యాభై, చింతపండు వంద, పంచదార పావుకిలో, జీలకర్ర పాతిక, ఆవాలు యాభై. కుర్రాడు తూస్తూ మెషీన్లో కొడుతున్నాడు, నేను అలవాటు కొద్దీ లోపల కూడుకుంటున్నాను. నాకు 67 చిల్లర వచ్చింది. మెషీన్ 71 అంది. ఆమె గుడ్డమూట విప్పి 71 ఇచ్చి వెళ్ళిపోయింది.

వయసు మీద పడింది, ఎక్కడో తప్పానులే అనుకున్నాను. తరవాతి మనిషికీ నా లెక్క కంటే మెషీన్ రెండు రూపాయలు ఎక్కువ చెప్పింది. ఆ తరవాత ఒక టీచరుగారి నెల చీటీ, రెండు వేల పైచిలుకు బిల్లు, పైసాతో సహా సరిపోయింది. నా బుర్రే చెడిపోయి ఉంటే ఆ పెద్ద బిల్లులో గదా తప్పాలి? అప్పుడు ఆ అమ్మాయి బిల్లు రెండో కాపీ తీయించి కళ్ళద్దాలు పెట్టుకున్నాను.

కందిపప్పు కిలో 138. వంద గ్రాములకి 13.80. బిల్లు మీద 14. మిరప కిలో 230, యాభైకి 11.50, బిల్లు మీద 12. చింతపండు 162 చొప్పున 16.20, దాన్ని 17 చేసింది. పంచదార 45 చొప్పున 11.25, అది 12. జీలకర్ర 330 లెక్కన 8.25, అది 9. ఆవాలు 124 లెక్కన 6.20, అది 7. అసలు మొత్తం 67.20. మెషీన్ ఒక్కో సరుకునీ పైరూపాయికి లాగి, తరవాత కూడింది. అందుకే 71. ఆఖర్న ఒక్కసారి పైసలు వదిలేస్తే 67 తీసుకోవాల్సిన చోట నాలుగు రూపాయలు అదనం.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది బిల్లు అడుగున ఉన్న వరస. ‘రౌండ్ ఆఫ్ 0.00’ అని ఉంది. ఎంత శుభ్రంగా ఉందో! ఆ రోజు బిల్లులన్నీ తిరగేశాను. నూటముప్పై చిల్లర బిల్లుల్లోనూ 0.00. విడి సరుకు అమ్మే కొట్లో ఇది జరిగే పని కాదు. పావుకిలోలూ యాభై గ్రాములూ తూచినచోట పైసలు పుట్టి తీరతాయి. ఆ వరసలో ఒకరికి 0.20, ఒకరికి మైనస్ 0.35, ఇంకొకరికి 0.45 కనిపించాలి. అక్కడ అందరికీ సున్నా ఉందంటే పైసలు అంతకు ముందే, సరుకు సరుకు దగ్గరే, మింగుడు పడ్డాయన్నమాట. రౌండ్ ఆఫ్ ఖాతా చూసుకునే మా అబ్బాయికి అందులో ఎప్పుడూ ఏమీ కనబడకపోవడానికి కారణం అదే. అదనంగా వచ్చింది అమ్మకాల్లో కలిసిపోయింది.

టీచరుగారి బిల్లు ఎందుకు సరిపోయింది? ఆయన కిలోలూ రెండు కిలోలూ కొన్నారు. కిలో ధర నిండు రూపాయల్లో ఉంటుంది కాబట్టి పైకి లాగడానికి అక్కడ పైసలే లేవు. ఈ తప్పు ముట్టుకునేది చిన్న పొట్లం కొనేవాడినే. పొట్లం ఎంత చిన్నదైతే అంత ఎక్కువ, పొట్లాలు ఎన్నుంటే అన్నిసార్లు. 67 రూపాయల సరుకు మీద నాలుగు రూపాయలంటే నూటికి ఆరు. అంత వడ్డీ నా జన్మలో ఎవరి దగ్గరా వసూలు చేయలేదు.

ఇలాంటి లెక్క నాకు కొత్త కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. అణాకి ఆరుంపావు పైసలు, కాని పావు పైసా నాణెం లేదు. అందుకని సర్కారు పట్టికలో అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, నాలుగణాలకి 25 అని ఇచ్చారు. అణా సరుకులు నాలుగు కొన్నవాడికి విడివిడిగా మారిస్తే 24 పైసలు, కలిపి మారిస్తే 25. మూడణాల సరుకులు రెండు కొంటే విడిగా 38, కలిపితే ఆరణాలకి 37. ఒకచోట కొట్టువాడికి నష్టం, ఒకచోట కొనేవాడికి. నాన్న మాత్రం గుమాస్తాలకి ఒకటే చెప్పేవాడు: ‘అణాల్లోనే చివరిదాకా కూడండ్రా, మొత్తం మీద ఒక్కసారే మార్చండి.’ బలపం పట్టుకుని ఆ మాట నేనూ విన్నాను. అంత కంప్యూటర్‌కీ ఆ ముక్క చెప్పినవాడు లేకపోయాడు.

ఊరినుంచి వచ్చిన మా అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను. వాడు దొంగ కాడు, నాకు తెలుసు. మెషీన్ బిగించిన కుర్రాడు ‘పైసలు చూపించాలా అన్నా?’ అని అడిగాడట. చిల్లర ఎక్కడ దొరుకుతుంది, వద్దన్నాడు వీడు. ఆ కుర్రాడు ఒక్కో సరుకు మొత్తం దగ్గర పైసల స్థానాలు సున్నా చేసి, రౌండింగ్ పద్ధతి ‘అప్‌వర్డ్’ అని పెట్టి వెళ్ళాడు. రెండు నొక్కులు. అంతే. చిట్టాలో ఒక అంకె దిద్దితే పక్కన సంతకం పెట్టించిన నాన్న కొట్లో, రెండు నొక్కులతో లెక్క మారిపోతే చూసినవాడు లేడు.

‘జీఎస్టీలో కూడా రౌండ్ చేయమనే ఉంది కదా నాన్నా’ అన్నాడు వాడు. ఉంది, ఆ చట్టం 170వ సెక్షన్లో. కాని అది పన్ను మొత్తం గురించి. యాభై పైసలు, ఆ పైన ఉంటే రూపాయి చేయాలి, తక్కువుంటే వదిలేయాలి. వంద గ్రాముల చింతపండులో ఇరవై పైసల్ని రూపాయి చేయమని ఏ చట్టమూ చెప్పలేదు.

‘పోనీ నార్మల్ అని పెడతాను, దగ్గరి రూపాయికి పోతుంది’ అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. పంచదార అరకిలో 22.50. సరిగ్గా సగం వచ్చినప్పుడు నార్మల్ కూడా పైకే పోతుంది, ప్రతిసారీ 23 అవుతుంది. మా కొట్లో రోజుకి ముప్పై అరకిలోలు పోతాయి. పదిహేను రూపాయలు ఊరికే వచ్చినట్టు. సరుకు దగ్గర రెండు స్థానాలూ పైసలుంచాలి, బిల్లు అడుగున ఒక్కసారే సవరించాలి. ఆ రాత్రే అలా మార్పించాను.

మరి వెనకటిది? పదకొండు నెలల బిల్లులు ఎక్సెల్లోకి తీయించాను. బరువు కిలోల్లో C గడిలో, కిలో ధర Dలో, బిల్లు వేసిన మొత్తం Eలో. పక్కన ఈ లెక్క పెట్టి కిందిదాకా లాగాడు మా అబ్బాయి:

```
=E2-C2*D2
```

వరసలు దిగుతుంటే నేను మైనస్ కోసం చూస్తూ కూర్చున్నాను. ఒక్కటీ లేదు. మనిషి తప్పితే ఓసారి ఇటు తప్పుతాడు, ఓసారి అటు తప్పుతాడు, ఏడాది చివర రెండూ చాలామటుకు కొట్టేసుకుపోతాయి. ఇక్కడ వేలకొద్దీ వరసల్లో ఉంటే సున్నా, లేకపోతే ప్లస్. అడుగున మొత్తం 58,412 రూపాయలు. ఒక్కొక్కరి నుంచి రూపాయీ రూపాయిన్నర చొప్పున, ఎవరికీ నొప్పి తెలియకుండా.

అరువు ఖాతా ఉన్నవాళ్ళ లెక్క సులువు. పేరు పేరునా తీసి 19,300 వాళ్ళ ఖాతాల్లో జమ కట్టాం. మిగతా 39,112 నగదు బిల్లులది. వాటి మీద పేర్లు లేవు. మా అబ్బాయి గుళ్ళో ఇచ్చేద్దామన్నాడు. దేవుడు మా కొట్లో ఆవాలు కొనలేదన్నాను. చివరికి బిల్లు అడుగున మొత్తాన్ని కిందిరూపాయికే దించేలా పెట్టించాను. 99 పైసలున్నా వదిలేయడమే. ఫోన్ కొట్టి కట్టేవాళ్ళకీ అదే. నిజానికి ఫోన్లో 67.20 పైసాతో సహా పంపొచ్చు. పావలా 2011 జూన్‌తో ఆగిపోయిందనీ, అర్ధరూపాయి ఎవరూ పుచ్చుకోరనీ చెప్పే సాకు అక్కడ చెల్లదు. చిల్లర కరువు తీరే దారి దొరికాక కూడా ఈ రోజుల్లో పైకి లాగే అలవాటు పోలేదు.

రోజుకి అరవై దాకా అలా తిరిగి పోతోంది. ఈ లెక్కన తీరడానికి దాదాపు 22 నెలలు పడుతుందని మా అబ్బాయి కాలిక్యులేటర్ కొట్టి చూపించాడు. పట్టనీ. ఇందులో ఒక లోపం ఉంది, నాకు తెలుసు: ఇచ్చింది ఎవరో, తిరిగి పుచ్చుకునేది ఎవరో. అందుకే సాయంత్రాలు నేనే గల్లాలో కూర్చుని, చిన్న పొట్లాల వాళ్ళకి పాత పద్ధతిలో ఒక చిటికెడు పైన వేయిస్తున్నాను.

మేస్త్రీ పనికి వెళ్ళే అమ్మాయికి జరిగింది చెప్పాను. తరచూ వచ్చే మనిషి కాబట్టి అందాజుగా లెక్కగట్టి ఐదు వందలు చేతిలో పెట్టాను. ఆ నోటు చాలాసేపు చూసింది. ‘వచ్చినప్పుడల్లా మూడో నాలుగో ఎక్కువవుతోందని ఇంట్లో మా అత్త పోరు పెట్టేది శెట్టిగారూ. నేనే దార్లో ఖర్చు పెట్టేస్తున్నానని అనుమానం. మా అత్తకి మీరొకసారి చెప్తారా?’ అంది.

మర్నాడు కొట్టు మూసి వాళ్ళింటికి వెళ్ళి చెప్పి వచ్చాను. ఆ ఐదు వందలు నగదు లెక్కలోంచి తగ్గించాను. రోజూ వదిలిన పైసలు ఎర్రట్ట పుస్తకంలో నా చేత్తోనే రాస్తున్నాను. నిన్నటికి 4,187 తీరింది.