అరగంట అప్పు

మా కింది వాటా అమ్మాయి పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తుంది. గాజువాక నుంచి భీమిలి దాకా ఎక్కడ పెళ్లి కుదిరినా, పంతులుగారి తర్వాత తెలిసేది ఈమెకే.

మొదట్లో డెకరేటర్లను పట్టుకుంది. మండపాల తేదీలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి కదా! తేదీలైతే వచ్చాయి, పెళ్లికూతుళ్లు రాలేదు. "డెకరేటర్ మాట్లాడేది పిల్ల నాన్నతో బాబాయ్. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన పెద్దాయనకి మేకప్పంటే పౌడరే. 'దానికి ఇరవై వేలేటమ్మా?' అని ఫోన్ పెట్టేస్తాడు."

దాంతో బొటిక్ వైపు తిరిగింది. మగ్గం వర్క్ జాకెట్టుకి కొలతలివ్వడానికి పిల్ల స్వయంగా వస్తుంది, అదీ పెళ్లికి నెలన్నర ముందే. జాకెట్టు తొడిగి చూసుకునే రోజున మన అమ్మాయి అక్కడ ఊరికే ప్రత్యక్షమై, ఊరికే చీర కట్టిపెడుతుంది. కుచ్చిళ్లు కుదిరాక అద్దంలో చూసుకుంటూ, "మేకప్ ఎవరు బావుంటారక్కా?" అని ఆ పిల్లే అడుగుతుంది. బొటిక్ ఆవిడ నోరు తెరవక్కర్లేదు, చూపుడువేలు చాలు.

ఫోటోగ్రాఫర్లది వేరే దారి. ఒకాయనకి పదిశాతం ఇస్తానంటే, "డబ్బు కాదమ్మా, అరగంట ఇప్పించు" అన్నాడట. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తమైతే, రెండున్నరకి కూడా పిల్లకి ఐలాషెస్ అతికిస్తూ ఉంటే, ఆల్బమ్‌కి ఒంటరి ఫోటోలు ఎప్పుడు తీస్తాడు పాపం? అప్పట్నుంచి ఒంటిగంటన్నరకల్లా పని ముగిస్తోంది. ముగించాక చీకట్లో ఫోన్ ఫ్లాష్ కొట్టి చూసుకుంటుంది. కొన్ని పౌడర్లు అద్దంలో బంగారంలా ఉండి, ఫ్లాష్‌లో ముగ్గుపిండిలా తేలతాయి. ఆ తెల్లమొహం ఆల్బమ్‌కి ఎక్కిందంటే ఆ ఫోటోగ్రాఫర్ మళ్లీ పిలవడు.

ఇన్ని చేసినా ఓసారి ఇరుక్కుంది. ఉక్కునగరం పిల్ల ఒకత్తి, మేకప్ ఇరవై వేలు. "నేనే చెప్పాను" అంటూ ముగ్గురు తయారు! తలా పదిశాతం ఇస్తే ఆరు వేలు గాల్లోకి పోతాయి. మేకప్ సామానూ, సహాయకురాలి కూలీ, ఆటో ఖర్చూ పోగా మిగిలేది జడపిన్నులే. పోనీ రేటు పెంచుదామా అంటే, బొటిక్‌లో చెప్పిన ధర ఆ పిల్ల తల్లి మర్చిపోయే రకం కాదు.

ఇప్పుడు స్కూటీ డిక్కీలో ఓ నోట్‌బుక్ ఉంటుంది. పెళ్లికూతురి పేరు చెవిన పడగానే ఇంటిపేరు, ముహూర్తం, చెప్పినవారు, చెప్పిన టైము రాసేస్తుంది. ముందు చెప్పినవారిదే వాటా, అదీ పెళ్లివారు బాకీ తీర్చాకే. మిగతావాళ్లకి దసరాకి స్వీటు డబ్బా.

మొన్న మెట్ల మీద కనిపిస్తే, మా మేనకోడలికి సంబంధం కుదిరిందన్నాను. శుభాకాంక్షలు రాలేదు; పెన్ను వచ్చింది.

"ఈ మాట మీకంటే ముందు పిన్ని చెప్పేసింది బాబాయ్, పొద్దున్న 8:10కి. మీకు స్వీటు డబ్బానే!"