ముందువరసకే దర్శనం

మా ఇంజినీరింగ్ కాలేజీ కొత్త ఆడిటోరియంలో ఎక్కడ కూర్చున్నా ఒకటి మాత్రం స్పష్టంగా కనబడుతుంది: ముందువాడి తల. నేలను బల్లపరుపుగా పోయించారు మరి! పరీక్షలకి బల్లలు వేసుకోవాలి, సెలవుల్లో పెళ్లిళ్లకి అద్దెకివ్వాలి. మధ్యలో ఎవరైనా నాటకం వేస్తే అది వాళ్ల ఖర్మ.

వెనకవాళ్లకి ఏమీ కనబడట్లేదని పిల్లలు మొరపెట్టుకుంటే యాజమాన్యం కరుణించింది. స్టేజీని ఐదడుగులకి లేపించింది. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేలకి మూడడుగుల ఎనిమిదంగుళాల ఎత్తులో ఉంటుంది. అంటే ఇప్పుడు స్టేజీ నేల సోఫాల్లోని పెద్దలకీ కనబడదు. వార్షికోత్సవంలో ఓ అమ్మాయి కూచిపూడి తరంగం చేసింది. ఇత్తడి పళ్లెం అంచుమీద పాదాలు నడిపించడమే అందులోని విద్య. పళ్లెం ఉందని మేము వ్యాఖ్యాత మాటమీద నమ్మాం.

అదే ఆవరణలో సివిల్ డిపార్ట్‌మెంటు ఉంది. లెక్కేమో పదో తరగతి సరూప త్రిభుజాలది. స్టేజీ మూడడుగులు, దాని అంచుకి పదడుగుల దూరంలో మొదటి వరస, వరసకీ వరసకీ మూడడుగులు అనుకోండి. మొదటి వరసవాడి కన్ను స్టేజీ నేలకంటే 8 అంగుళాలు పైన ఉంటుంది. కంటినుంచి నడినెత్తికి ఇంకో 5. స్టేజీ అంచునుంచి ఆ నెత్తిమీదుగా వెనక్కి దారం లాగండి. రెండో వరస కన్ను ఆ దారానికి అందాలంటే అక్కడి నేల సుమారు 9 అంగుళాలు లేవాలి. మూడో వరస దానిమీద మరో 10. వెనక్కి పోయేకొద్దీ మెట్టు పెరుగుతూనే ఉంటుంది. ఒకే వాలులో నేల పోసేసి చేతులు దులుపుకుంటే వెనక వరసలు మళ్లీ తలల్లో మునుగుతాయి.

అంత ఎత్తు కుదరదంటే, ఒక వరస విడిచి ఒక వరసలో కుర్చీల్ని సగం కుర్చీ పక్కకి జరపాలి. ముందున్న ఇద్దరి భుజాల సందులోంచి చూపు పోతుంది కాబట్టి 5 అంగుళాల బదులు రెండున్నరతో సరిపెట్టుకోవచ్చు. మొదటి మెట్టు ఆరంగుళాల లోపే తేలుతుంది. ఈ మాట చెబితే మావాళ్లు ఒప్పుకోలేదు. కుర్చీలు వంకరగా ఉంటే బ్రోచర్ ఫొటోలో బాగుండదట.

ఇక దారులు. మూడు తలుపులు. స్టేజీ పక్కది అతిథులకి. వెనక ఎడమది లోపలికి తెరుచుకుంటుంది. జనం తోసుకొస్తే జనమే దాన్ని మూసిపెడతారు. కుడిదానికి తాళం, ప్రసంగాల మధ్యలో పిల్లలు జారుకుంటున్నారని. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాల్లో పొగ కమ్మినప్పుడు బాల్కనీలో కుడివైపు దారి లేదు. అక్కడ అదనపు సీట్లు, యజమాని కుటుంబానికి ప్రత్యేక బాక్సు వేసుకున్నారు. 59 మంది పోయారు.

మా తాళంచెవి వాచ్‌మన్ దగ్గర భద్రంగా ఉంది. వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడు, ముఖ్య అతిథి కారుకి సెల్యూట్ కొట్టడానికి.